ఒక్క నంబరుతో జవాబు: కుట్టు పనికి పేరిచ్చిన వందల మందిని మెసేజీలతో వడపోయడం ఎలా

హనుమకొండలో మనుషులను పనుల్లో పెట్టించే చిన్న ఆఫీసులో నేను పని చేస్తున్నాను. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చిన దగ్గర్నుంచి మా దగ్గరికి మనుషులు కావాలని వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది కుట్టు మెషిన్ ఆపరేటర్లనే. 2017 అక్టోబరులో ఆ పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు ఒక్క జాబ్ మేళాకు పోతే రెండు మూడు వందల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని వస్తాం. యూనిట్‌కు కావలసింది నలభై యాభై మందే. అంతమందికీ ఫోన్ చేసి మాట్లాడాలంటే వారం పడుతుంది. అందుకే ముందు మెసేజీ పంపుతాం.

నేను మొదట పంపిన మెసేజీ ఇలా ఉండేది: "మీరు ఎక్కడ ఉంటారు, టైలరింగ్ వచ్చా, ఎన్నేళ్ల అనుభవం, వయసు ఎంత, షిఫ్టులకు ఓకేనా, ఎప్పుడు జాయిన్ అవుతారు, వివరాలు పంపగలరు." దానికి వచ్చిన జవాబులు ఇవి: "ఓకే మేడం." "వచ్చు." "అవును." ఒకరు ఉత్త "3" అని పంపారు. మూడేళ్ల అనుభవమా, మూడు రోజుల్లో వస్తారనా? చివరికి అందరికీ ఫోన్ చేయాల్సే వచ్చింది. ఆరు ప్రశ్నలు ఒక్కసారి అడిగితే మనిషి తనకు సులువైన ఒక్కదానికే జవాబిస్తాడు. అది దేనికిచ్చాడో మనకు తెలియదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. ఒక మెసేజీలో ఒకే ప్రశ్న. జవాబు ఒకే నంబరు. ఆ నంబరును విడిగా చూసినా అది ఏ ప్రశ్నకు జవాబో తెలిసిపోవాలి. ఇదెలా చేస్తున్నానో మొదటి నుంచి చెబుతాను. ఉదాహరణ అంతా కుట్టు ఆపరేటర్లదే తీసుకుంటాను.

1. ప్రశ్న రాయకముందే జవాబుల పక్కన మీ పని రాసుకోండి

ఒక కాగితం మీద గీత గీసి ఎడమ వైపు రాగల జవాబులు, కుడి వైపు ఆ జవాబు వస్తే మీరేం చేస్తారో రాయండి. రెండు జవాబులకు కుడి వైపు ఒకే మాట వస్తే ఆ ప్రశ్న కొట్టేయండి. "చదువు ఎంత?" అన్న ప్రశ్న నా కాగితం మీద ఇలాగే పోయింది. ఏడు చదివినా, ఇంటర్ చదివినా ఆ యూనిట్ తీసుకుంటుంది. అలాంటప్పుడు అడగడం దేనికి? "ఎన్నేళ్ల అనుభవం?" కూడా పోయింది. రెండేళ్లని చెప్పినా ఐదేళ్లని చెప్పినా యూనిట్‌లో చేతి పని పెట్టి చూసే తీసుకుంటారు.

చివరికి నాలుగే మిగిలాయి. కంపెనీ బస్సు ఎక్కడ ఎక్కుతారు, ఏ మెషిన్ మీద కుట్టారు, ఎప్పుడు వస్తారు, ఏ సంవత్సరంలో పుట్టారు.

జీతం ఎంత కావాలని మెసేజీలో అడగవద్దు. యూనిట్ ఇచ్చేది మీకు ముందే తెలుసు, అది మీరే చెప్పాలి. పెళ్లయిందా, చిన్నపిల్లలున్నారా అని కూడా అడగవద్దు. కొందరు సూపర్‌వైజర్లు ఇది అడగమని మా మీద ఒత్తిడి తెస్తారు. వాళ్లకు నిజంగా తెలియాల్సింది పొద్దున ఎనిమిదికి మెషిన్ మీద కూర్చోగలరా లేదా అన్నదే. అది బస్సు ప్రశ్నలో తేలిపోతుంది. పైగా పనిలోకి తీసుకునేటప్పుడు ఆడ మగ తేడా చూపకూడదని 2019 వేతనాల కోడ్ చెబుతోంది. మగవాళ్లను అడగని ప్రశ్న ఆడవాళ్లను అడిగితే అది తేడా చూపడమే.

2. "చేయగలరా?" అని అడగవద్దు

పని కావలసినవాళ్లను "రోజూ రాగలరా?" అంటే అందరూ "రాగలను మేడం" అంటారు. ఇది అబద్ధం కాదు, ఆశ. తప్పు ప్రశ్నదే. ఏ జవాబిస్తే పని వస్తుందో ప్రశ్న చూడగానే తెలిసిపోతుంటే అందరూ అదే ఇస్తారు.

అందుకే ఉన్న సంగతి అడగాలి. "రోజూ రాగలరా?" బదులు "బస్సు ఎక్కేది ఎక్కడ?" అంటాను. నర్సంపేట, వరంగల్, పరకాల అన్న పేర్లలో ఏది మంచి జవాబో చూసినవాళ్లకు తెలియదు. కాబట్టి ఉన్నదే చెబుతారు.

ఇక్కడ మాట ఎంపిక కూడా ముఖ్యం. ముందు నేను "మీ ఊరు ఏది?" అని అడిగేదాన్ని. వందమందికి అరవై ఊళ్ల పేర్లు వచ్చేవి. ఒక్కో ఊరు ఏ దారిలో ఉందో మళ్లీ నేను వెతుక్కోవాలి. ఒక అమ్మాయి ఫోన్ చేసి అడిగింది:

"మేడం, మా ఊళ్లెకు బస్సు రాదు. నర్సంపేట దాక ఆటోల వస్త. ఏ ఊరు రాయాలె?"

"నువ్వు కంపెనీ బస్సు నర్సంపేటలనే ఎక్కుతవు గదమ్మా. అదే రాయి."

ఆమె అడిగిన ప్రశ్నే నా ప్రశ్నను సరిచేసింది. నాకు కావలసింది ఊరు కాదు, బస్సు ఎక్కే చోటు.

3. జవాబు నంబర్లను ప్రశ్నతో ముడివేయండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. చాలామంది ప్రతి ప్రశ్నకు 1, 2, 3 అని పెడతారు. సాయంత్రం ఆరుకు మొదటి ప్రశ్న పంపారు, మర్నాడు రెండోది పంపారు. మర్నాడు రాత్రి "2" వచ్చింది. అది ఏ ప్రశ్నకు? సిగ్నల్ లేక నిన్నటి జవాబు ఇవాళ వచ్చి ఉండొచ్చు. పొలం పనికి పోయి రెండు మెసేజీలూ ఒకేసారి చూసి ఉండొచ్చు.

కాబట్టి రెండంకెల నంబర్లు పెట్టండి. మొదటి అంకె ప్రశ్నది, రెండో అంకె జవాబుది. మొదటి ప్రశ్నకు 11, 12, 13, 14. రెండో ప్రశ్నకు 21, 22, 23. మూడోదానికి 31, 32, 33. ఇప్పుడు "22" ఎప్పుడు వచ్చినా, ఏ వరసలో వచ్చినా అది రెండో ప్రశ్నకు రెండో జవాబే. కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దమ్మకైనా రెండు అంకెలు కొట్టడం కష్టం కాదు. తెలుగులో టైప్ చేయాల్సిన పనే లేదు.

ఒక జాగ్రత్త. జవాబుల మాటల్లో అంకెలు రానివ్వకండి. "31 8వ తేదీ, 32 15వ తేదీ" అని రాస్తే కొందరు 8 అని పంపుతారు, కొందరు 15 అని. జవాబులన్నీ మాటల్లోనే ఉండాలి.

4. తెలుగు మెసేజీ కొలత తెలుసుకుని రాయండి

ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే ఒక మెసేజీలో 160 పడతాయి. తెలుగులో ఒక్క అక్షరం పెట్టినా ఆ కొలత 70కి పడిపోతుంది. 70 దాటితే మెసేజీ ముక్కలవుతుంది. ముక్కలను కలిపే గుర్తులు కొంత చోటు తింటాయి కాబట్టి అప్పుడు ఒక్కో ముక్కకు 67 మాత్రమే. అంటే రెండు ముక్కలకు 134.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మన కంటికి ఒక్క అక్షరంలా కనిపించేది ఫోన్‌కు ఒక్కటి కాదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు హల్లు ఒకటి, సున్న ఒకటి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు. "నర్సంపేట" కంటికి నాలుగు, ఫోన్‌కు ఎనిమిది. అందుకే వత్తులు తక్కువున్న మాటలు ఎంచుకుంటే చోటు మిగులుతుంది.

ఇది డబ్బుకు సంబంధించిన లెక్క కూడా. చాలా రీచార్జి ప్లాన్లలో రోజుకు 100 మెసేజీలు ఉంటాయి. మూడు ముక్కల మెసేజీ పంపితే మూడు పోయినట్టే. అంటే రోజుకు ముప్పై ముగ్గురికే పంపగలరు. ఒక్క ముక్కలో రాస్తే వందమందికి.

నేను ఇప్పుడు వాడుతున్న నాలుగు మెసేజీలు ఇవి. మొదటిది:

"కుట్టు పనికి పేరిచ్చారు కదా. బస్సు ఎక్కేది ఎక్కడ? 11 నర్సంపేట 12 వరంగల్ 13 పరకాల 14 వేరే ఊరు. ఒక్క నంబరే పంపండి"

ఇది 111. రెండు ముక్కల్లో పోతుంది, ఇంకా 23 మిగులుతాయి. ఆ చోటులో ముందు మీ ఆఫీసు పేరు పెట్టండి. ఎవరు పంపారో తెలియని మెసేజీకి ఎవరూ జవాబివ్వరు, ఇవ్వకూడదు కూడా. రెండోది:

"మీరు కుట్టింది: 21 ఫ్యాక్టరీ మెషిన్ 22 ఇంటి మెషిన్ 23 ఇంకా నేర్వలేదు"

ఇది 68, ఒకే ముక్క. మూడోది:

"డ్యూటీకి ఎప్పుడు వస్తారు? 31 ఈ నెలలోనే 32 వచ్చే నెల 33 ఇప్పుడు వద్దు"

ఇదీ 68. నాలుగోది:

"పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన సంవత్సరం నాలుగు అంకెల్లో పంపండి"

ఇది 61. పుట్టిన సంవత్సరానికి కోడ్ అక్కర్లేదు, నాలుగు అంకెలు కాబట్టి మిగతావాటితో కలవదు. ముందు దీనికి "ఉదా: 2001" అని చేర్చాను. పదిమందిలో ఇద్దరు 2001 అనే తిప్పి పంపారు. ఉదాహరణ తీసేశాను. కొందరు సంవత్సరం బదులు వయసు పంపుతారు. "22" అని వస్తే అది ఇంటి మెషినా, వయసా అన్న తికమక వస్తుంది. అందుకే ఈ ప్రశ్న చివర పెట్టాను. దీని తర్వాత వచ్చిన రెండంకెలను వయసుగా అనుమానించి ఫోన్ చేసి కనుక్కుంటాను. ఈ ప్రశ్న 18 నిండాయో లేదో చూసుకోవడానికే. సరిగ్గా పద్దెనిమిదేళ్ల కిందటి సంవత్సరం వస్తే నెల కూడా కావాలి, వాళ్లను మెమో పట్టుకురమ్మంటాను. పది చదవనివాళ్లకు ఆధార్ మీద ఉన్నదే చూసి పంపమంటాను. ఆధార్ నంబరు మాత్రం అడగను.

రెండో ప్రశ్న వెనక ఒక కథ ఉంది. అందులో మొదట "కరెంటు మెషిన్, కాలు మెషిన్" అని రాశాను. కరెంటు మెషిన్ అన్నవాళ్లను నేరుగా పరీక్షకు పంపాను. సగం మంది మెషిన్ మీద కూర్చోగానే భయపడ్డారు. ఇంట్లో కాలితో తొక్కే మెషిన్‌కే చిన్న మోటారు బిగించుకుని కుట్టేవాళ్లు వాళ్లు. వాళ్ల లెక్కన అది కరెంటు మెషినే, వాళ్లు చెప్పింది నిజమే. ఫ్యాక్టరీ మెషిన్ వేగం వేరు, పెడల్ మీద కొంచెం బలం పడితే గుడ్డ లాక్కుపోతుంది. ఇంటి నుంచి అంత దూరం వచ్చి ఒక ఆడమనిషి ఏడుస్తూ తిరిగిపోవడం నా మాట ఎంపిక వల్ల జరిగింది. అప్పటి నుంచి ఏ మాట వాడినా ఆ పని చేసేవాళ్లు ఆ మాటను దేనికి వాడతారో ఇద్దరు ముగ్గురిని అడిగాకే రాస్తున్నాను.

5. ముందు ఐదుగురికి పంపి చూడండి

జాబితా మొత్తానికి పంపేముందు ఐదుగురిని ఎంచుకోండి. అందులో ఒకరు కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లు, ఒకరు నలభై దాటినవాళ్లు ఉండాలి. వాళ్ల జవాబుల్లో ఒక్కటైనా నంబరు కాక వేరేది వస్తే మెసేజీ మార్చండి. పాత కీప్యాడ్ ఫోన్లు కొన్నింటిలో తెలుగు డబ్బాల్లా కనిపిస్తుంది. "ఏమీ కనవడ్తలేదు మేడం" అని ఫోన్ వస్తే వాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టి ఇక ఫోన్‌లోనే అడగండి.

6. పంపడం

మొదట జాబితాలో ఒకే నంబరు రెండుసార్లు ఉందేమో చూడండి. అక్కాచెల్లెళ్లు, వదినా మరదళ్లు ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నంబరే ఇస్తారు. "12" అని వస్తే అది ఎవరిదో తెలియదు. గూగుల్ షీట్‌లో నంబర్లు B వరసలో ఉంటే పక్కన ఇది పెట్టండి:

```
=COUNTIF(B:B,B2)
```

2 కానీ అంతకన్నా ఎక్కువ కానీ వస్తే వాళ్లకు మెసేజీ వద్దు, ఫోన్ చేయండి.

గ్రూపుగా కట్టి పంపవద్దు. ఫోన్ సెట్టింగును బట్టి అది గ్రూప్ సంభాషణగా మారి అందరి నంబర్లూ అందరికీ కనిపించవచ్చు. మేం పంపేది ఎక్కువగా ఆడపిల్లలకు. వాళ్ల నంబర్లు తెలియనివాళ్ల చేతిలో పడితే పిచ్చి ఫోన్లు మొదలవుతాయి, ఇంట్లోవాళ్లు పనికే పంపరు. ఒక్కొక్కరికి విడిగా అతికించి పంపడం ఆలస్యమైనా నేను అదే చేస్తాను. `messages.google.com/web` తెరిచి ఫోన్‌ను కలిపితే కంప్యూటర్ కీబోర్డు మీద ఈ పని తొందరగా అవుతుంది.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఎందుకు వాడవని అడుగుతుంటారు. బ్రాడ్‌కాస్ట్ మెసేజీ మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. మేళాలో పేరు రాయించి పోయినవాళ్లు మన నంబరు సేవ్ చేసుకోరు.

మీ సొంత సిమ్ నుంచి పంపేటప్పుడు ఒక హద్దు ఉంది. తమంతట తాము పేరిచ్చినవాళ్లకే, ఆ పని గురించే పంపండి. ఎక్కడో కొన్న నంబర్ల జాబితాకు ప్రకటనలా పంపితే 1909కు ఫిర్యాదు పోతుంది, సిమ్ ఆగిపోవచ్చు. వేలల్లో పంపాల్సినవాళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, ఇలాంటి మెసేజీల నమోదు కోసం టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ వ్యవస్థలో సంస్థను, పంపే పేరును, మెసేజీ నమూనాను నమోదు చేయించుకోవాలి. అయితే అలా అక్షరాల పేరుతో వచ్చే మెసేజీకి తిరిగి జవాబివ్వడం కుదరదు. జవాబు పంపాల్సిన పదంకెల నంబరు అందులోనే రాయాలి, మనిషి ఆ నంబరు కొట్టి కొత్తగా మెసేజీ మొదలుపెట్టాలి. ఆ ఒక్క మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. అందుకే రెండు మూడు వందల మంది దాకా మామూలు నంబరు నుంచి చేత్తో పంపడమే నయమని నా అభిప్రాయం.

సమయం విషయానికొస్తే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య బాగుంటుంది. పొలం నుంచి, బీడీల నుంచి చేయి ఖాళీ అయి ఫోన్ పట్టుకునే వేళ అది. రాత్రి తొమ్మిది దాటాక పంపకండి.

7. జవాబులను ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి

షీట్‌లో ఒక వరసలో వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా అతికించండి. "11 మేడం", "నాది 11", "11.", ఏది వస్తే అది. పక్క వరసలో కోడ్ మాత్రం తీసేలా సూత్రం పెట్టండి. జవాబు C వరసలో ఉంటే:

```
=IFERROR(VALUE(REGEXEXTRACT(TO_TEXT(C2),"\b[1-3][1-4]\b")),"చూడాలి")
```

మాటల మధ్య విడిగా ఉన్న రెండంకెల కోడ్‌ను ఇది పట్టుకుంటుంది. దొరక్కపోతే "చూడాలి" అని చూపిస్తుంది. "21 22" అని రెండూ పంపితే మొదటిదే తీసుకుంటుంది. రెండు మెషిన్ల మీదా కుట్టినవాళ్లు అలా పంపుతారు, వాళ్లను 21గానే లెక్కపెట్టాలి కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరైనా "22 21" అని తిరగేసి పంపితే మాత్రం కంటితో చూసి మార్చాలి.

అసలు జవాబును చెరపవద్దనడానికి కారణం ఉంది. "13 కానీ మా మామ ఒప్పుకుంటలేడు" అని ఒకామె పంపింది. కోడ్ వరసలో 13 మాత్రమే మిగులుతుంది. వాళ్లింటికి ఫోన్ చేసి బస్సు వేళలు, యూనిట్‌లో ఆడవాళ్లే ఎక్కువని చెప్పాల్సిన సంగతి ఆ మిగతా మాటల్లో ఉంది.

8. ఒక జాబితాను చివరి దాకా నడిపి చూద్దాం

లెక్క కోసం 180 పేర్లు అనుకుందాం. అందులో ఆరుగురివి పంచుకున్న నంబర్లు, వాళ్లకు ఫోన్. మిగిలింది 174 మంది. మొదటి మెసేజీ రెండు ముక్కలు కాబట్టి ఒక సిమ్‌తో రోజుకు యాభై మందికి పోతుంది, మొత్తానికి నాలుగు రోజులు. ఇది తక్కువేమీ కాదు. రోజుకు యాభై మంది జవాబులు, వాటితో వచ్చే ఫోన్లు చూసుకోవడానికి ఒక మనిషికి సరిపోతుంది.

జవాబులు ఇలా వచ్చాయనుకోండి: 11 అన్నవాళ్లు 48, 12 అన్నవాళ్లు 39, 13 అన్నవాళ్లు 21, 14 అన్నవాళ్లు 26. "చూడాలి" అని తేలినవి 9. జవాబు రానివి 31.

14 అన్న 26 మందిని వదిలేయవద్దు. కాగితం మీద 14 పక్కన నేను రాసుకున్న పని ఇది: "ఏ ఊరు?" అని ఒక్క మాట అడగాలి. అందులో పదిమంది వర్ధన్నపేట వైపు వాళ్లని తేలితే ఆ సంగతి యూనిట్‌కు చెప్పొచ్చు. ఒక దారిలో తగినంతమంది ఉంటే వాళ్లు బండి పెట్టే ఆలోచన చేస్తారు. ఇద్దరే ఉంటే చేయరు.

"చూడాలి" అని వచ్చిన తొమ్మిది మందికి ఫోన్ చేస్తే ఏడుగురు మూడు దారుల్లోనే ఉన్నారని తేలిందనుకుందాం. జవాబివ్వని 31 మందికి మర్నాడు అదే మెసేజీ ఒకే ఒక్కసారి మళ్లీ పంపాలి. పన్నెండు మంది బదులిచ్చి, వాళ్లలో పదిమంది మన దారుల్లో ఉన్నారనుకుందాం. 48, 39, 21 కలిపి 108, దానికి 7, 10 కలిపితే 125 మంది రెండో ప్రశ్నకు వస్తారు.

రెండోసారీ బదులివ్వని 19 మందిని ఇష్టం లేనివాళ్లుగా తీసుకోవద్దు. ఇది నేను గట్టిగా చెబుతాను. రీచార్జి అయిపోతే మెసేజీ వస్తుంది, తిరిగి పోదు. జవాబు కొడతారు, అది ఎర్ర గుర్తుతో అక్కడే ఆగిపోతుంది. అలాంటివాళ్లు మిస్డ్ కాల్ ఇస్తారు. కాల్ కూడా పోకపోతే ఊరుకుంటారు. మిస్డ్ కాల్ వస్తే ఆ నంబరు జాబితాలో ఉందేమో చూసి మీరే తిరిగి చేయండి. మిగిలినవాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి. పని అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లే రీచార్జి లేనివాళ్లు. మెసేజీ పద్ధతి వాళ్లను తెలియకుండానే బయట పెట్టేస్తుంది.

రెండో ప్రశ్న ఒకే ముక్క కాబట్టి 125 మందికి రెండు రోజుల్లో పోతుంది. 21 అన్నవాళ్లు 22 మంది, 22 అన్నవాళ్లు 61, 23 అన్నవాళ్లు 28, జవాబు లేనివి 14 అనుకుంటే, మొదటి 22 మందిని నేరుగా యూనిట్ పరీక్షకు పంపాలి. 61 మందిని ఫ్యాక్టరీ మెషిన్‌కు చేయి అలవాటు చేసే బ్యాచ్‌కు, 28 మందిని మొదటి నుంచి నేర్పే బ్యాచ్‌కు. ఈ మూడు పనులు వేరువేరు కాబట్టే ఈ ప్రశ్న నా కాగితం మీద నిలబడింది. మూడు, నాలుగు ప్రశ్నలు ఇదే తీరు, వాటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఒక రోజుకు ఒక ప్రశ్నకు మించి ఎవరికీ పంపకండి, అంతే.

9. మోసగాళ్ల మెసేజీలా కనిపించకుండా

ఉద్యోగం పేరుతో డబ్బు గుంజే మెసేజీలు అందరి ఫోన్లకూ వస్తున్నాయి. మన మెసేజీని అనుమానించేవాళ్లది తప్పు కాదు. అందుకే మెసేజీలో లింక్ పెట్టను. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫొటో, ఓటీపీ ఏదీ అడగను. మేళాలో పేరు రాసుకునేటప్పుడే నా నంబరు చీటీ మీద రాసిచ్చి "ఈ నంబరు నుంచే మెసేజీ వస్తది, పైసలు అడుగం. ఎవలన్న అడిగితే ఇయ్యకుండ్రి" అని చెబుతాను. అప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి మోసపోయామని చెప్పినవాళ్లకు సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయమంటాను.

10. కాదన్నప్పుడు కూడా ఒక మెసేజీ

బస్సు దారి లేనివాళ్లకు నేను పంపేది ఇది: "మీ వైపు ఇప్పుడు బస్సు లేదు. వస్తే మేమే ఫోన్ చేస్తాం." కారణం చెప్పకుండా ఊరుకుంటే వాళ్లు రోజూ ఫోన్ చూసుకుంటూ ఎదురుచూస్తారు, వేరే పనికి పోరు. 33 అన్నవాళ్ల పేర్లు చెరపవద్దు. పంట కోతలయ్యాక, పిల్లల బడులు తెరిచాక వాళ్లలో కొందరు తిరిగి వస్తారు. మొన్న ఒకామె నుంచి ఇరవై రోజుల తర్వాత "31" అని ఒక్క నంబరు వచ్చింది. పైన ఏ మాటా లేదు. ఫోన్ చేసి, "అమ్మా, ఈ నెలలనే వస్తా అంటున్నవు గద, సోమవారం నర్సంపేటల బస్సెక్కు" అన్నాను.